శాతం సరే, దేనిలో శాతం?

ఒక పట్నంలో తాగునీటి మీద సర్వే జరిగిందనుకుందాం. ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతున్న అమ్మాయి గూగుల్ ఫారం తయారుచేసుకుని కొన్ని వీధులు తిరిగింది. ఇంట్లో దొరకనివాళ్లకు వాట్సాప్‌లో లింకు పంపింది. నెల తిరిగేసరికి షీట్లో 152 వరుసలు చేరాయి. వరుసకొక మనిషి, కాలమ్‌కొక ప్రశ్న. గైడు మాత్రం ఆ షీటు వంక చూడడు. "టేబుల్ ఏదమ్మా?" అంటాడు. ఎన్ని ఇళ్లలో కుళాయి నీళ్లు తాగుతున్నారు, అది ఎంత శాతం అనే రెండు కాలమ్‌ల పట్టిక ఆయనకు కావాలి. (ఇక్కడి అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్నవే, ఏ ఊరివీ కావు.)

స్కూల్లో పౌనఃపున్య విభాజన పట్టిక అని గణన చిహ్నాలు గీసి నేర్చుకున్నది ఇదే. అక్కడ టీచరు ఇచ్చిన అంకెలు శుభ్రంగా ఉండేవి, మనుషులు నింపిన షీటు అలా ఉండదు. అందుకే లెక్కపెట్టడం కంటే ముందు జరిగే పనికే ఎక్కువ టైము పడుతుంది.

మొదట చెయ్యాల్సింది షీటుకు కాపీ తీసుకోవడం. అసలు జవాబుల షీటును ముట్టుకోకూడదు. దిద్దుబాట్లన్నీ కాపీలోనే, అదీ పక్కన కొత్త కాలమ్ వేసుకునే చెయ్యాలి. రేపు ఎవరైనా "ఈ ఇల్లు బోరులోకి ఎలా వచ్చింది?" అంటే వెనక్కి వెళ్లి చూపించగలగాలి కదా. తర్వాత టైమ్‌స్టాంప్ కాలమ్ మీద ఓ కన్ను వెయ్యాలి. ఒకే నిమిషంలో అన్ని జవాబులూ అచ్చంగా ఒకేలా వచ్చిన వరుసలు రెండు జతలు కనిపించాయనుకోండి, నెట్ నెమ్మదించి ఎవరో సబ్మిట్ రెండుసార్లు నొక్కారన్నమాట. జతకొకటి తీసేస్తే 150 మిగులుతాయి.

ఇక కాలనీ పేరు. ఆప్షన్లు ఇవ్వకుండా ఖాళీ గడి ఇచ్చి రాయమంటే ఒకే కాలనీ నాలుగు రకాలుగా వస్తుంది. ఒకరు గాంధీనగర్ అని కలిపి రాస్తారు, ఒకరు గాంధీ నగర్ అని విడదీస్తారు, మరొకరు Gandhi Nagar అని ఇంగ్లిష్‌లో కొడతారు. ఇంకొకరు సరిగ్గానే రాసి చివర కంటికి కనబడని స్పేస్ ఒకటి వదులుతారు. చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు అనే తేడాను COUNTIF పట్టించుకోదు. స్పేస్‌ను మాత్రం పట్టించుకుంటుంది. చివరి స్పేస్‌లు TRIM తో పోతాయి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన అక్షరాలతో వచ్చే మరో రకం స్పేస్ దానికి లొంగదు, దాన్ని వెతికి మార్చుకోవాల్సిందే. ఒక కాలమ్‌లో ఎన్ని రకాల రాతలున్నాయో తెలియాలంటే UNIQUE ఫార్ములా పెట్టి జాబితా చూస్తే సరిపోతుంది. నాలుగు కాలనీల్లో చేసిన సర్వేకు పదకొండు పేర్లు వస్తే ఇంకా శుభ్రం కాలేదని అర్థం.

మరో చిక్కు ఎక్సెల్ తెచ్చిపెట్టేది. ఇంట్లో ఎంతమంది అన్న ప్రశ్నకు "3-4" అని ఆప్షన్ ఇచ్చి, జవాబుల సీఎస్‌వీ ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే అది తేదీ అయి కూర్చుంటుంది. ఇది విద్యార్థుల బాధ మాత్రమే కాదు. SEPT1, MARCH1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, జన్యువుల పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ చివరికి ఆ పేర్లనే SEPTIN1, MARCHF1 అని మార్చింది. ఈ సంగతి 2020లో తన మార్గదర్శకాల్లోనూ రాసుకుంది. మన ఫారంలో "3 నుంచి 4 మంది" అని పెడితే గొడవే ఉండదు.

ఇప్పుడు లెక్క. "తాగడానికి ముఖ్యంగా ఏ నీళ్లు వాడతారు?" అన్న జవాబు, శుభ్రం చేసిన షీట్లో H కాలమ్‌లో ఉందనుకుందాం. వేరే షీట్లో A కాలమ్‌లో నాలుగు ఆప్షన్లూ కిందికి రాసి, పక్కన B కాలమ్‌లో సంఖ్య, C కాలమ్‌లో శాతం వచ్చేలా ఈ ఫార్ములాలు పెట్టి కిందికి లాగాలి:

```
=COUNTIF(Sheet1!$H$2:$H$151, A2)
=B2/SUM($B$2:$B$5)
```

ఆ డాలరు గుర్తులు మరిచిపోతే ఫార్ములా కిందికి లాగిన కొద్దీ రేంజ్ కూడా జారుతూ పోతుంది. పై వరుస సరిగ్గా ఉంటుంది, కింది వరుసల్లో అంకెలు తప్పుతాయి. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి పట్టుకోవడమూ కష్టమే. అందుకే సంఖ్యల మొత్తాన్ని తప్పకుండా కూడి చూసుకోవాలి. మన పట్టిక ఇలా వచ్చింది:

| తాగునీరు | సంఖ్య | శాతం |
|---|---|---|
| ఆర్వో ప్లాంటు క్యాన్ | 63 | 43.8 |
| మున్సిపల్ కుళాయి | 54 | 37.5 |
| బోరు | 18 | 12.5 |
| ఇతర | 9 | 6.3 |
| మొత్తం | 144 | 100 |

షీట్లో 150 వరుసలుంటే మొత్తం 144 వచ్చింది. ఆరుగురు ఈ ప్రశ్నకు జవాబివ్వకుండా దాటేశారు. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో తేడా కొట్టేది ఇక్కడే. శాతాన్ని 144లో చూడాలా, 150లో చూడాలా? 150తో భాగిస్తే క్యాన్ వాడేవాళ్లు 42 శాతమే, కుళాయి వాళ్లు 36. రెండు లెక్కలూ తప్పు కాదు, కానీ రెండింటి అర్థం ఒకటి కాదు. ఎస్‌పీఎస్‌ఎస్ వాడేవాళ్లకు ఇది తెలిసిందే. అది Percent, Valid Percent అని రెండు కాలమ్‌లు ఇస్తుంది, రెండోది జవాబిచ్చినవాళ్లలో శాతం. ఎక్సెల్ ఆ పని చెయ్యదు, నిర్ణయం మనమీదే పడుతుంది. నేనైతే 144లోనే చూపించి, పట్టిక కింద "6 మంది జవాబివ్వలేదు" అని రాస్తాను. ఒకవేళ ఆ ఆరుగురి స్థానంలో నలభై మంది ఉంటే అప్పుడు జవాబివ్వకపోవడమే పెద్ద వార్త. దాన్ని కింద చిన్నక్షరాల్లో దాచకుండా పట్టికలోనే ఒక వరుసగా పెట్టాలి.

పివట్ టేబుల్‌తో చేసేవాళ్లకు ఇక్కడే ఒక చిన్న మోసం ఎదురవుతుంది. నీటి కాలమ్‌నే వరుసల్లోకీ లెక్కలోకీ లాగితే, ఎక్సెల్ (blank) అని ఒక వరుస చూపిస్తుంది గానీ దాని పక్కన సంఖ్య ఉండదు. ఖాళీ గడిని ఖాళీ గడితో లెక్కపెట్టమన్నాం మరి! లెక్కలోకి టైమ్‌స్టాంప్‌నో, సీరియల్ నంబరునో, అంటే ఎవరికీ ఖాళీ ఉండని కాలమ్‌ను లాగితే 6 కనిపిస్తుంది.

పై శాతాలు కూడి చూసిన జాగ్రత్తపరులకు 100.1 వచ్చి ఉంటుంది. అది తప్పు కాదు. అసలు విలువలు 43.75, 6.25. వాటిని ఒక్క దశాంశానికి సర్దితే రెండూ పైకి జరిగాయి. దాన్ని సరిచెయ్యడానికి ఏదో ఒక అంకెను తగ్గించేవాళ్లున్నారు, ఆ పని చెయ్యొద్దు. కింద ఒక్క వాక్యం రాస్తే పోతుంది.

తర్వాతి ప్రశ్న వేరే రకం. "ఆ నీళ్లను ఇంట్లో ఏం చేసి తాగుతారు? వర్తించేవన్నీ టిక్ చెయ్యండి." ఇలాంటి ప్రశ్నకు గూగుల్ ఫారం ఒక మనిషి టిక్కులన్నిటినీ ఒకే గడిలో కామాలు పెట్టి కుక్కుతుంది. "కాచి, గుడ్డతో వడకట్టి" అని ఒకే గడిలో ఉంటుంది. దీన్ని అలాగే పివట్‌లో వేస్తే ప్రతి కలయికా ఒక కొత్త జవాబై, పట్టిక కొండవీటి చాంతాడంత అవుతుంది. ఒక్కో ఆప్షన్‌ను విడిగా, గడిలో ఎక్కడున్నా పట్టుకునేలా లెక్కపెట్టాలి:

```
=COUNTIF(Sheet1!$F$2:$F$151, "*వడకట్టి*")
```

నక్షత్రాలంటే ముందూ వెనకా ఏమున్నా ఫర్వాలేదని. అయితే ఒక ఆప్షన్ మాటలు మరో ఆప్షన్‌లో ఉంటే రెండూ కలిసిపోతాయి. "వడకట్టి" అని ఒకటి, "కాచి వడకట్టి" అని ఇంకొకటి పెట్టారంటే ఈ ఫార్ములా రెండింటినీ ఏరుకొస్తుంది. ఆ జాగ్రత్త ఫారం రాసేనాడే పడాలి.

ఈ ప్రశ్నకు 150 మందీ జవాబిచ్చారనీ, వడకట్టేవాళ్లు 66, కాచేవాళ్లు 45, ఇంట్లో ఫిల్టరు మెషిన్ ఉన్నవాళ్లు 30, ఏమీ చెయ్యనివాళ్లు 51 వచ్చారనీ అనుకుందాం. కూడితే 192. మనుషులు 150 మంది, టిక్కులు 192. ఇక్కడ శాతం దేనిలో తియ్యాలి? 66ను 150తో భాగిస్తే 44 శాతం, అంటే ప్రతి వందమందిలో నలభై నలుగురు వడకడుతున్నారు. 192తో భాగిస్తే 34.4 శాతం, అంటే వచ్చిన టిక్కుల్లో ఇన్ని ఇవి. చదివేవాళ్లకు అక్కరకొచ్చేది మొదటిదే. దాంతో శాతాల మొత్తం 128 అవుతుంది. అది చూసి కంగారుపడి మొత్తాన్ని వందకు తెచ్చేందుకు 192తో భాగించేవాళ్లను చాలామందిని చూశాను. ఇలాంటి పట్టికకు మొత్తం శాతం వరుసే పెట్టకుండా, "ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఇవ్వవచ్చు" అని కింద రాయాలి.

గైడు ఇక్కడితో వదలడు. "సొంతింటి వాళ్లు, అద్దె వాళ్లు విడదీసి చూపించు" అంటాడు. నీటి ప్రశ్నకు జవాబిచ్చిన 144 మందిలో సొంతిల్లు 84, అద్దె 60 అనుకుందాం. క్యాన్ వాడే 63 ఇళ్లలో 33 సొంతం, 30 అద్దె. ఇప్పుడు రెండు వాక్యాలు రాయొచ్చు. క్యాన్ వాడేవాళ్లలో 52.4 శాతం సొంతింటివాళ్లు. అద్దె ఇళ్లలో 50 శాతం క్యాన్ వాడుతుంటే, సొంతిళ్లలో 39.3 శాతమే వాడుతున్నారు. రెండూ నిజమే, రెండూ అవే నాలుగు అంకెల నుంచి వచ్చినవే. కానీ మొదటి వాక్యం ఒక్కటే చదివితే సొంతింటివాళ్లే క్యాన్ మీద ఎక్కువ ఆధారపడుతున్నట్టు అనిపిస్తుంది. సర్వేలో సొంతిళ్లే ఎక్కువున్నాయి కాబట్టి అలా కనిపించింది తప్ప, వాడకం అద్దె ఇళ్లలోనే ఎక్కువ. ఏ గుంపుల్ని పోలుస్తున్నామో ఆ గుంపు మొత్తంతోనే భాగించాలి. పివట్‌లో అయితే వరుస మొత్తంలో శాతమా, కాలమ్ మొత్తంలో శాతమా అని ఎంచుకునే చోట ఇది తేలిపోతుంది.

ఇలా విడదీసేకొద్దీ గుంపులు చిన్నవవుతాయి. బోరు వాడేవాళ్లే 18 మంది, వాళ్లను మళ్లీ సొంతం, అద్దె అని చీలిస్తే ఒక గడిలో ఐదుగురే మిగలొచ్చు. అందులో ఇద్దరంటే 40 శాతం, ఇంకొకరు కలిస్తే 60! లక్షల ఇళ్లు తిరిగే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా దీనికి జాగ్రత్తపడుతుంది. దాని పట్టికల్లో 25 కంటే తక్కువ మంది ఉన్న గుంపుకు శాతం ఇవ్వరు, నక్షత్రం గుర్తు పెడతారు. 25 నుంచి 49 మంది ఉంటే శాతాన్ని బ్రాకెట్లో వేస్తారు. మన విద్యార్థిని కూడా ఆ ఐదుగురికి శాతం కట్టకుండా సంఖ్య మాత్రం ఇస్తే మంచిది.

పట్టిక పైన శీర్షిక రాసేటప్పుడు "పట్నంలో తాగునీటి వాడకం" అని రాయాలనిపిస్తుంది. అది కుదరదు. సగం జవాబులు ఆమె ఎంచుకున్న వీధుల నుంచి వచ్చాయి, మిగతావి వాట్సాప్ లింకు నొక్కే తీరికా ఫోనూ ఉన్నవాళ్ల నుంచి వచ్చాయి. చిట్టా తీసి లాటరీ పద్ధతిలో ఇళ్లను ఎంచలేదు కాబట్టి 43.8 శాతం ఈ 144 మందికే చెల్లుతుంది. "సర్వేలో జవాబిచ్చిన 144 కుటుంబాల ముఖ్య తాగునీరు" అన్నదే ఆ పట్టికకు తగిన శీర్షిక.