‘ఎవరైనా ఉన్నారా?’ అని పదే పదే అడిగితే

“పప్పన్నం ఎప్పుడు పెడతావ్?” అని పెళ్లిలో పిన్నిగారు అడిగితే నవ్వేసి తప్పుకోవచ్చు. కాలేజీ రోజుల నుంచీ ఉన్న స్నేహితుడు “ఎవరైనా ఉన్నారా?” అని నెలకోసారి కదిపితే మాత్రం ఆలోచనలో పడతాం.

సూటిగా అడగలేని విషయాన్ని మనుషులు చుట్టూ తిరిగి ఎలా తెలుసుకుంటారో 1984లో లెస్లీ బాక్స్‌టర్, విలియం విల్మాట్ అనే అమెరికన్ పరిశోధకులు పరిశీలించారు. “నేనంటే ఇష్టమా?” అని అడిగేవాళ్లకన్నా హాస్యానికి అన్నట్టు ఒక మాట విసిరి చూసేవాళ్లు, మూడో మనిషి ద్వారా ఆరా తీసేవాళ్లు, వేరొకరి పేరెత్తి ముఖం గమనించేవాళ్లు ఎక్కువట. అలా అయితే కాదన్నా పరువు పోదు. “ఊరికే అడిగాలే” అంటే సరిపోతుంది, స్నేహమూ నిలుస్తుంది.

అయితే ప్రశ్న ఒకటే అయినా వెనకున్న మనసు ఒకటే కాదు. అది జవాబు తర్వాతే బయటపడుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి “ఎవరూ లేరు” అందనుకుందాం. స్నేహితుడు “మరి ఎలాంటివాడు కావాలి?” అని సాగదీసి, తన అలవాట్లకు దగ్గరగా ఉన్నవాటినే మెచ్చుకుంటూ, నలుగురున్నప్పుడు ఎత్తని ఆ మాటను ఒంటరిగా ఉన్నప్పుడే ఎత్తుతుంటే ఆ ఆసక్తి తన కోసమే కావచ్చు. “ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా? మీవాళ్లు కులం పట్టించుకుంటారా?” అని అడిగాడంటే బహుశా ఎవరి తరఫునో వాకబు చేస్తున్నాడు. జవాబు సరిగ్గా వినకుండా “మరి నీ సంగతేంటి?” అనే మాట కోసం ఎదురుచూస్తుంటే చెప్పుకోవాల్సిన కబురు అతని దగ్గరే ఉంది. అడిగేది ప్రాణస్నేహితురాలైతే, ఆదివారం సినిమా ప్లాన్లు వరసగా రద్దయ్యాక మొదలైన ప్రశ్న అయితే, ‘నన్ను దూరం పెడుతున్నావా?’ అన్న బెంగ కావచ్చు. చెప్పింది సాయంత్రానికల్లా ఇంకో నలుగురికి తెలిసిపోతే అది కబుర్ల సరదానే. అర్థాలు వెతకక్కర్లేదు.

ఒక్క గుర్తు చూసి తేల్చేయకండి. ఆడ, మగ మాట్లాడుకోవడాన్ని పక్కనుంచి చూసినప్పుడు, ఆమె మామూలు చనువును ఆకర్షణగా అనుకోవడం ఆడవాళ్లకన్నా మగవాళ్లలో ఎక్కువని ఆంటోనియా అబ్బీ 1982లో ప్రచురించిన ప్రయోగంలో తేలింది. ఆ పొరపాటు ఎవరికైనా జరగొచ్చు. అలాగని పరీక్షించడానికి “ఉన్నారు” అని అబద్ధమాడొద్దు. మన ఊళ్లలో అలాంటి మాట మీకంటే ముందు మీ ఇంటికి చేరుతుంది.

దీనికన్నా తేలిక దారి, “ఈ మధ్య ఇదే అడుగుతున్నావ్, ఎందుకు?” అని నవ్వుతూనే అడగడం. ఇష్టం లేకపోతే “ఈ విషయం వదిలేయ్” అని ఒకసారి స్పష్టంగా చెప్పండి. ఆ తర్వాత కూడా అడుగుతుంటే, ముఖ్యంగా ఆ మనిషి ఆఫీసులో మీ పైవాడైతే, మనసులో ఏముందో ఆరా తీయడం మీ పని కాదు. అది వేధింపే.