జాతర రోజు పోసిన పాలు

ఒకరోజు పొద్దున్నే ఓ పాల సేకరణ కేంద్రం కార్యదర్శి ఫోన్ చేశాడు. "సార్, మొన్న మా ఊరి జాతరని కేంద్రం తాళం వేసుకున్నాం. ఆ రోజు చుక్క పాలు పోయలేదు. మీ బోర్డులో 60 లీటర్లని ఎలా వచ్చిందండీ?"

ఆయన చెప్పిన బోర్డు అంటే డాష్‌బోర్డు. ఏ కేంద్రానికి ఏ రోజు ఎన్ని లీటర్లు వచ్చాయో, సగటు వెన్న శాతం ఎంతో చూపించే తెర. దాన్ని రోజూ తాజా చేసే చిన్న ప్రోగ్రాము, అంటే స్క్రిప్టు, నేను రాసిందే. అది మూడు పనులు చేస్తుంది. కేంద్రాల నుంచి వచ్చిన పాల చీటీల ఫైలు తెచ్చుకుంటుంది. ఆ చీటీలను రోజువారీ లెక్కగా మారుస్తుంది. ఆ లెక్కను తెర మీదికి పంపిస్తుంది. మొదటి పనిలోగాని చివరి పనిలోగాని తేడా వస్తే వెంటనే తెలుస్తుంది: ఫైలు రాదు, లేదా తెర ఖాళీగా ఉంటుంది. మధ్య పని అలా కాదు. అందులో తప్పు జరిగినా తెర నిండుగానే ఉంటుంది, అంకెలు నమ్మేటట్టే ఉంటాయి.

జాతర రోజు పాల గుట్టు గడియారంలో ఉంది. కేంద్రంలోని యంత్రం ప్రతి చీటీ మీదా సమయాన్ని యూటీసీ లెక్కలో వేస్తుంది. మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కాబట్టి మనకు తెల్లవారుజామున 5:30 అయ్యేదాకా యూటీసీలో ఇంకా నిన్నటి తేదీయే నడుస్తుంటుంది. పల్లెల్లో పాలు పోయడం 5 గంటలకే మొదలవుతుంది. ఆ మొదటి అరగంటలో పోసిన పాలన్నీ నా స్క్రిప్టు ముందు రోజు ఖాతాలో వేస్తూ వచ్చింది. జాతర మర్నాడు తెల్లవారుజామున పోసిన 60 లీటర్లు జాతర రోజుకు చేరాయి. నెల మొత్తం చూస్తే దాదాపు సరిపోతుంది కనుక అంతవరకూ ఎవరికీ అనుమానం రాలేదు.

సవరణ ఒక్క వరసే. అయితే ఆ వరసను రేపు ఇంకెవరైనా, లేదా నేనే, చెరిపేస్తే ఎలా తెలుస్తుంది? మళ్లీ జాతర వచ్చేదాకా ఆగలేం కదా. అందుకే మార్పిడి పనికి పరీక్షలు రాయడం మొదలుపెట్టాను.

పరీక్షలో ఉండేది రెండే వస్తువులు: ముందే రాసిపెట్టుకున్న చిన్న ఇన్‌పుట్, దానికి రావాల్సిన జవాబు. ఆ ఇన్‌పుట్‌ను ఫిక్చర్ అంటారు. యంత్రాల షాపుల్లో ఈ మాట పాతదే. డ్రిల్లు వేసేటప్పుడు ముక్క కదలకుండా పట్టి ఉంచే బిగింపును ఫిక్చర్ అంటారు. ఇక్కడ కదలకుండా పట్టి ఉంచేది డేటాను. నిజమైన చీటీలు రోజూ మారతాయి, ఫిక్చర్ మారదు. జవాబు మారిందంటే మారింది స్క్రిప్టే.

మొదట నేను చేసిన పొరపాటు, పోయిన నెల ఫైలును ఉన్నదున్నట్టు ఫిక్చర్‌గా పెట్టడం. వేల చీటీలు. వాటికి సరైన జవాబెంతో నాకే తెలియదు. అందుకని స్క్రిప్టునే నడిపి, అది ఇచ్చిన అంకెలనే 'సరైన జవాబు'గా రాసుకున్నాను. దాంతో స్క్రిప్టులో అప్పటికే ఉన్న తప్పుకు నా చేత్తో నేనే ముద్ర వేసినట్టయింది. పైగా అందులో రైతుల పేర్లు కూడా ఉన్నాయి, పరీక్షల ఫోల్డర్‌లో వాటికేం పని? ఆ ఫైలు తీసేసి, అయిదే అయిదు వరసలతో కొత్తది చేత్తో రాశాను.

```
slip_no,centre,collected_at,litres,fat
S1,012,2024-07-01T23:40:00Z,10,4.0
S2,012,2024-07-02T01:00:00Z,30,6.0
S2,012,2024-07-02T01:00:00Z,30,6.0
S3,012,2024-07-02T12:30:00Z,10,
S4,045,2024-07-02T23:50:00Z,20,5.0
```

ఇందులో ప్రతి వరసా ఒక పని మీద వచ్చిందే. మొదటి చీటీ తేదీ జులై 1లా కనిపిస్తుంది, మన లెక్కలో అది జులై 2 తెల్లవారుజామున 5:10. రెండో చీటీ రెండుసార్లు ఉంది. నెట్ తెగినప్పుడు యంత్రం పంపిన చీటీనే మళ్లీ పంపుతుంది, దాన్ని ఒక్కసారే లెక్కపెట్టాలి. మూడోది సాయంత్రం 6 గంటల చీటీ, దాని వెన్న శాతం గడి ఖాళీ. నాలుగోది వేరే కేంద్రానిది. యూటీసీలో జులై 2, మనకు జులై 3 పొద్దున 5:20. జులై 2 లెక్కలో అది ఉండకూడదు.

ఇప్పుడు జులై 2న 012 కేంద్రానికి రావాల్సిన లెక్కను కాగితం మీద వేద్దాం. లీటర్లు 10, 30, 10 కలిపితే 50. వెన్న సంగతికొచ్చేసరికి నేను ఆగాల్సి వచ్చింది. వెన్న కొలవని 10 లీటర్లను ఏం చేయాలి? ఇది ప్రోగ్రాము రాసేవాడు తేల్చే విషయం కాదు. చెల్లింపులు చూసే ఆయన్ని అడిగితే, "కొలవనిదాన్ని సున్నా అనుకుంటే ఎలాగండీ? కొలిచిన పాల వరకే సగటు కట్టండి. అదీ లీటర్ల ప్రకారం కట్టాలి, చీటీల ప్రకారం కాదు" అన్నారు. అంటే 10 లీటర్లకు 4 శాతం, 30 లీటర్లకు 6 శాతం. 40, 180 కలిపి 220, దాన్ని కొలిచిన 40 లీటర్లతో భాగిస్తే 5.5. రావాల్సిన జవాబు అలా తెలిసినవాళ్ల నోటి నుంచి, కాగితం మీద నుంచి రావాలి తప్ప స్క్రిప్టు నుంచి కాదు.

పరీక్ష ఇలా ఉంటుంది. పైథాన్‌లో `pytest` అనే పనిముట్టు దీన్ని నడుపుతుంది.

```python
def test_july_2():
    out = transform(read_slips("tests/fixtures/slips.csv"))
    row = out.loc[("2024-07-02", "012")]
    assert row["litres"] == 50
    assert row["fat"] == pytest.approx(5.5)
    assert ("2024-07-02", "045") not in out.index
```

మార్పిడి చేసేది `transform`. దానికి ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో, తెర ఎక్కడుందో తెలియదు. వరసలు ఇస్తే లెక్క తిరిగిస్తుంది, అంతే. మొదట్లో నా స్క్రిప్టులో మూడు పనులూ ఒకే ముద్దగా ఉండేవి. అలాగే ఉంచితే పరీక్ష కోసం నెట్ కావాలి, పాస్‌వర్డు కావాలి. అందుకే మధ్య పనిని విడదీశాను. 'ఈ రోజు తేదీ ఎంత' అని గడియారాన్ని అడగడం కూడా దాని లోపల మాన్పించాను. లేకపోతే ఇవాళ నెగ్గిన పరీక్ష రేపు ఏ కారణమూ లేకుండా ఓడిపోతుంది.

చదివే పనికి స్క్రిప్టు సొంత `read_slips`నే వాడటానికీ కారణం ఉంది. ఫైలు చదివే పాండాస్‌కు ప్రత్యేకంగా చెప్పకపోతే 012ను అంకె అనుకుని 12 చేసేస్తుంది, ఆ కేంద్రం పేరు ఇక పట్టికలో దొరకదు. పరీక్ష కోసం ఫైలును వేరే దారిలో చదివితే ఆ తప్పు దాటిపోతుంది. ఇక `approx` సంగతి. కంప్యూటరు దశాంశాలను ఉజ్జాయింపుగా దాచుకుంటుంది, 0.1కి 0.2 కలిపితే ముమ్మూర్తులా 0.3 రాదు. చివరెక్కడో వచ్చే ఆ నలుసంత తేడాను పట్టించుకోవద్దని చెప్పడానికే ఆ మాట.

పరీక్ష నెగ్గింది. అంతమాత్రాన దాన్ని నమ్మకూడదు. ఎప్పుడూ ఓడిపోని పరీక్ష కాపలా కాయదు. అందుకని స్క్రిప్టును కావాలనే ఒక్కోచోట పాడుచేసి చూశాను. మన సమయానికి మార్చే వరస తీసేస్తే లీటర్లు 40, వెన్న 6.0 వచ్చాయి. రెండోసారి వచ్చిన చీటీని తీసేసే వరస చెరిపితే లీటర్లు 80 అయ్యాయి. ఖాళీ గడిని సున్నా చేస్తే వెన్న 4.4కు పడింది. చీటీల ప్రకారం సగటు కడితే 5.0.

ఈ అంకెలు అలా విడివిడిగా రావడం యాదృచ్ఛికం కాదు. ఫిక్చర్ రాసేటప్పుడే ఏ తప్పుకు ఏ జవాబు వస్తుందో చూసుకుని లీటర్లు ఎంచుకున్నాను. అన్ని చీటీలకూ 10 లీటర్లు, 5 శాతం అని రాసి ఉంటే చీటీల సగటూ 5, లీటర్ల సగటూ 5. ఆ తప్పు పక్కనుంచే నడిచి వెళ్లిపోయేది. ఇప్పుడు 50 రావాల్సిన చోట 40 వచ్చిందంటే, స్క్రిప్టు తెరవకముందే గడియారం వైపు చూస్తాను. 4.4 కనిపిస్తే ఖాళీ గడి వైపు.

కొన్నాళ్లకు ఇంకో సమస్య వచ్చింది. ఒక కేంద్రంలో యంత్రం బ్యాటరీ చచ్చిపోయి, గడియారం 1970 జనవరి 1కి వెళ్లిపోయింది. ఆ పాలన్నీ నేను పుట్టకముందు పోసినట్టు నమోదయ్యాయి. ఈసారి పద్ధతి తెలుసు. ముందు స్క్రిప్టు ముట్టుకోలేదు. ఒక మంచి చీటీ, ఒక 1970 చీటీ, రెండే వరసలతో మరో ఫిక్చర్ రాశాను. పాత ఫిక్చర్‌లోకే ఆరో వరసగా చేర్చలేదు. అలా చేర్చుకుంటూ పోతే ఆ ఫైలు ఉబ్బి, చేత్తో లెక్క వేయలేనంత అవుతుంది. అలాంటి చీటీని పారేయకుండా, సరిచూడాల్సినవాటి జాబితాలో విడిగా పెట్టాలని ఆఫీసులో తేల్చారు, ఎందుకంటే తేదీ తప్పయినా పాలు నిజమే, రైతుకు డబ్బు ఇవ్వాల్సిందే. పరీక్ష రాసి, అది ఓడిపోవడం కళ్లతో చూశాకే స్క్రిప్టు సవరించాను.

అయితే ఈ పరీక్షల చూపు ఎక్కడిదాకానో కూడా చెప్పాలి. రేపు ఒక కేంద్రం కొత్త తూకం యంత్రం పెట్టి, లీటర్లకు బదులు కిలోలు పంపిందనుకుందాం. గడి పేరు అదే `litres`. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కనుక ఆ కేంద్రం లెక్క ఒక్కసారిగా 3 శాతం పెరుగుతుంది. నా పరీక్షలన్నీ నెగ్గుతూనే ఉంటాయి, ఫిక్చర్‌లో ఉన్నవి ఎప్పటికీ లీటర్లే మరి. డేటాను కదలకుండా పట్టి ఉంచడంలో ఉన్న బలమూ అదే, గుడ్డితనమూ అదే. అలాంటివి పట్టుకోవడానికి రోజూ వచ్చే అసలు ఫైలు మీద వేరే తనిఖీలు ఉండాలి: నిన్నటితో పోలిస్తే చీటీలెన్ని, లీటర్లెన్ని అని. 3 శాతం తేడా మాత్రం పండగ రోజుల హెచ్చుతగ్గుల్లో కలిసిపోయి ఆ తనిఖీకీ చిక్కకపోవచ్చు.

అందుకే ఆ కార్యదర్శి నంబరు నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. యంత్రం మార్చితే ముందుగా ఒక మాట చెప్పమని అడిగాను. "చెప్తాలెండి" అని, వెంటనే "ఇంతకీ ఈసారి జాతరకి మాకెన్ని లీటర్లు రాస్తారు సార్?" అన్నాడు. సున్నా అన్నాను. ఆ మాట ధైర్యంగా అనగలిగింది నాలుగో చీటీని చూసుకునే.