బాస్ తిట్టింది పనినా, మనిషినా?

ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల అత్యవసర విభాగాల్లో పనిచేసే 24 బృందాలతో చేసిన ఒక ప్రయోగం 2015లో ‘పీడియాట్రిక్స్’ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక్కో బృందంలో ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు ఉన్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పరిస్థితి ఉన్నట్టుండి విషమించినట్టు శిక్షణ కోసం ఒక సన్నివేశం కల్పించారు. జబ్బేమిటో కనిపెట్టి వైద్యం చేయడం బృందం పని. అమెరికా నుంచి వచ్చిన నిపుణుడు ఒకాయన గమనిస్తుంటాడని వాళ్లకు ముందే చెప్పారు. కొన్ని బృందాలతో ఆయన మామూలుగా మాట్లాడాడు. మిగతావాళ్లతో మాత్రం ఇక్కడి వైద్యం తనకేమీ గొప్పగా అనిపించలేదన్నాడు, ఇక్కడి సిబ్బంది తన విభాగంలో వారం కూడా నిలవలేరన్నాడు.

ఎదురుగా ఉన్నవాళ్లను పేరుపెట్టి తిట్టిందేమీ లేదు. అయినా ఆ మాటలు విన్న బృందాలు జబ్బు గుర్తించడంలోనూ, చికిత్స చేయడంలోనూ వెనకబడ్డాయి. కారణం ఏమిటని పరిశీలిస్తే, ఆ బృందాల్లో వాళ్లు ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం తగ్గింది, సాయం అడగడం తగ్గింది. వీళ్లంతా చేయి తిరిగిన వైద్య సిబ్బంది.

చేయి తిరిగినవాళ్లకే అలా అయితే, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైనా కాని ఫ్రెషర్ సంగతి చెప్పాలా? నలుగురి ముందు బాస్ కడిగిపారేసిన రోజు నుంచి ఆ కుర్రాడో, అమ్మాయో మొట్టమొదట మానేసేది ప్రశ్నలు అడగడమే. డౌట్ అడిగితే ‘ఇది కూడా రాదా’ అంటారని భయం. అడగకపోవడం వల్ల ఇంకో తప్పు జరుగుతుంది, దానికి మళ్లీ చీవాట్లు. ఇలా రెండుమూడుసార్లు అయ్యేసరికి లోపల ఒక నమ్మకం గట్టిపడుతుంది: ‘నాకు అసలేమీ రాదు. ఇంటర్వ్యూలో ఎలాగో గట్టెక్కాను. ఏదో ఒక రోజు వీళ్లందరికీ తెలిసిపోతుంది.’

ఈ భావనను ‘ఇంపోస్టర్ ఫినామినన్’ పేరుతో మొదట వివరించినవాళ్లు పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే అమెరికన్ సైకాలజిస్టులు. 1978లో వాళ్లు రాసిన వ్యాసం చదువులోనూ, వృత్తిలోనూ బాగా రాణించిన 150 మందికి పైగా మహిళలను గమనించి రాసింది. డిగ్రీలు, పదవులు, పై అధికారుల మెప్పు అన్నీ ఉన్నా, అవన్నీ అదృష్టం వల్లో, ఎదుటివాళ్ల పొరపాటు వల్లో దక్కాయని ఆ మహిళలు అనుకునేవాళ్లు. తర్వాత జరిగిన పరిశీలనల్లో మగవాళ్లలోనూ ఇది కనిపించింది. ‘ఇంపోస్టర్ సిండ్రోమ్’ అనే మాట జనం నోట స్థిరపడింది కానీ, వైద్యులు నిర్ధారించే జబ్బుల జాబితాలో ఇది లేదు.

ఇక్కడ ఫ్రెషర్ గమనించాల్సిన తేడా ఒకటుంది. క్లాన్స్ చెప్పిన మహిళల దగ్గర పనితనానికి రుజువులు బోలెడున్నాయి, వాళ్లే వాటిని నమ్మలేదు. మొదటి ఉద్యోగంలో ఉన్నవాళ్ల దగ్గర ఇంకా రుజువులే పోగుపడలేదు. పని రాదనిపించడంలో కొంత నిజం కూడా ఉంటుంది, ఎందుకంటే ఆ ఆఫీసు పని నిజంగానే ఇంకా రాదు. కంపెనీకి ఆ సంగతి తెలుసు. ట్రైనింగ్, ప్రొబేషన్ పెట్టేది అందుకే. ‘ఈ పని నాకింకా రాదు’ అనేది నేర్చుకుంటే తీరిపోయే లోటు. ‘నేను ఇక్కడ ఉండదగినవాణ్ని కాను’ అనేది తీర్పు. కటువైన విమర్శ మొదటిదాన్ని రెండోదిగా మార్చేస్తుంది.

అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్క తీశారు. సగటున చూస్తే ఫీడ్‌బ్యాక్ వల్ల పని మెరుగుపడింది. కానీ వాళ్లు పోల్చిచూసిన 600కు పైగా సందర్భాల్లో మూడో వంతుకు మించిన చోట్ల పని ఇంకా పాడైంది. మెచ్చుకున్నారా, తప్పుపట్టారా అన్నదొక్కటే ఈ తేడాను వివరించలేకపోయింది. వినేవాళ్ల దృష్టి ఎటు మళ్లిందన్నది ముఖ్యమని వాళ్లు వాదించారు. దృష్టి పని మీద నిలిచినప్పుడు ఫీడ్‌బ్యాక్ ఉపయోగపడుతుంది. ‘నేను ఎలాంటివాణ్ని’ అనే ప్రశ్న మీదకి జారితే బెడిసికొట్టే అవకాశం పెరుగుతుంది. అందుకే అతిగా పొగిడినా కొన్నిసార్లు పని మెరుగుపడదు.

బాస్ గొంతు ఎంత పెరిగిందన్నది ఈ లెక్కన సరైన కొలత కాదు. ‘ఇంకొంచెం బెటర్‌గా చెయ్యాలమ్మా’ అని నవ్వుతూ చెప్పినదాంట్లో మర్నాడు చేయడానికి ఏమీ ఉండదు. గట్టిగా అరిచిన మాటలో ఒక్కోసారి పనికొచ్చే సూచన దాగి ఉంటుంది. దాన్ని ఎలా వెలికితీయాలో ఒక ఊహాజనిత ఉదాహరణలో చూద్దాం.

హైదరాబాద్‌లో ఓ ఆఫీసు. కొత్తగా చేరిన అమ్మాయి నెలవారీ సేల్స్ రిపోర్ట్ తయారుచేసింది. మొత్తం 48 లక్షలని వేసింది. అందులో కస్టమర్లు తిప్పి పంపిన సరుకు విలువ 2 లక్షల 40 వేలు తీసేయలేదు. సరైన అంకె 45 లక్షల 60 వేలు. మీటింగ్‌లో అందరి ముందూ మేనేజర్ అందుకున్నాడు: “ఏంటమ్మా ఇది? రిటర్న్స్ తీసేయకుండా సేల్స్ వేశావు. రెండు లక్షల నలభై వేలు ఎక్కువ చూపిస్తోంది. క్లయింట్‌కి వెళ్లుంటే నా పరువు పోయేది. మీ కాలేజీల్లో ఇంతకంటే ఏం నేర్పుతార్లే. నీలాంటివాళ్లని ఎవరు సెలెక్ట్ చేస్తారో! పంపే ముందు సిస్టమ్‌లో అంకెతో సరిచూసుకోవాలని కూడా తెలీదా?”

ఆ రాత్రి ఆమెకు నిద్రపట్టనివ్వని మాటలు కాలేజీ గురించి, సెలెక్షన్ గురించి అన్నవే. వారం పోయాక కూడా అవి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంటాయి. సిస్టమ్ అంకెతో సరిచూసుకోవాలన్న మాట మాత్రం మెల్లగా జారిపోతుంది. అందుకే మొదటి పని, అన్న మాటలు అన్నట్టుగా అదే రోజు కాగితం మీద పెట్టడం. ఆఫీసు లాప్‌టాప్‌లో కాకుండా సొంత నోట్‌బుక్‌లో, తేదీ వేసి.

తర్వాత ఒక్కో వాక్యానికీ ఒకే ప్రశ్న వేయాలి: రిపోర్ట్ తెరిచి చూస్తే ఇది నిజమో కాదో తేలుతుందా? రిటర్న్స్ తీసేయలేదన్నది తేలుతుంది, నిజమే. తేడా 2 లక్షల 40 వేలన్నదీ తేలుతుంది. క్లయింట్ దాకా వెళ్తే పరువు పోయేదన్నది కోపంగా చెప్పినా, ఆ అంకె ఎవరి చేతికి వెళ్తుందో, ఎందుకు ముఖ్యమో ఫ్రెషర్‌కు తెలియజేస్తోంది. కాలేజీ మాట, సెలెక్షన్ మాట ఏ షీట్ తెరిచినా తేలవు. వాటిని నిజమని ఒప్పుకోవడానికీ, అబద్ధమని వాదించడానికీ ఆధారం లేదు, పక్కన పెట్టేయాల్సిందే. చివరి వాక్యం కలగాపులగంగా ఉంది. ‘కూడా తెలీదా’ అన్న దెప్పు తీసేస్తే మిగిలేది: పంపే ముందు సిస్టమ్ అంకెతో సరిచూసుకోవాలి. మొత్తం తిట్లలో అన్నిటికంటే పనికొచ్చే మాట అదే, ఎందుకంటే అది ఈ ఒక్క తప్పునే కాదు, వచ్చే నెల జరగబోయే తప్పును కూడా ఆపుతుంది.

ఈ వేరుచేయడంలో రెండు వైపులా జారిపడతారు. కొందరు అవమానాన్ని కూడా సత్యమని మింగేస్తారు. ఇంకొందరు ‘ఆయనకు నోటిదురుసు, పట్టించుకోవద్దు’ అని రూమ్మేట్లు ధైర్యం చెప్పగానే అవమానంతో పాటు రిటర్న్స్ సంగతి కూడా అవతల పారేస్తారు. వచ్చే నెల రిపోర్ట్‌లో అదే తప్పు తిరిగి వస్తుంది.

రెండో పని, రెండుమూడు రోజుల్లో మళ్లీ బాస్ దగ్గరకు వెళ్లడం. వివరణ ఇచ్చుకోవడానికి కాదు, పని గురించి ఒక్క ప్రశ్న అడగడానికి: “సర్, రిటర్న్స్ తీసేసి, సిస్టమ్‌తో టాలీ చేశాను. పంపే ముందు ఇంకేమైనా చూసుకోవాలా?” ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి బాస్ ఎలాంటివాడో కొంత తెలుస్తుంది. “జీఎస్టీ కలిపి చూపించకు, డిస్కౌంట్ విడిగా వెయ్యి” అని చెప్పాడంటే ఆయన నోరు కటువు, కానీ నేర్పే ఉద్దేశం ఉంది. “అన్నీ నేనే చెప్పాలా?” అని ఒకసారి అంటే ఆ రోజు పని ఒత్తిడి కావచ్చు. ఎప్పుడడిగినా అదే జవాబైతే ఆ ప్రశ్నను టీమ్‌లో సీనియర్ దగ్గరకు తీసుకెళ్లాలి. “అక్కా, మీరు పంపే ముందు ఏమేం చూసుకుంటారు?” అంటే కాదనేవాళ్లు తక్కువ. ఎవరిని అడిగారన్నది పెద్ద విషయం కాదు, అడగడం ఆగిపోకూడదు. ఇజ్రాయెల్ బృందాలు దెబ్బతిన్నది అక్కడే.

అయితే ఒక్కరోజు కోపానికీ, వేధింపుకీ గీత ఎక్కడ? అమెరికన్ పరిశోధకుడు బెనెట్ టెప్పర్ 2000లో దీన్ని నిర్వచిస్తూ, చేయి చేసుకోకపోయినా మాటతో, చేష్టతో అదేపనిగా సాగే శత్రుభావం అన్నాడు. ఆయన తయారుచేసిన 15 ప్రశ్నల కొలమానంలో అడిగేవి ఇలాంటివి: బాస్ ఎగతాళి చేస్తాడా, ఇతరుల ముందు కించపరుస్తాడా, ఎప్పుడో జరిగిన తప్పులు తవ్వి తీస్తాడా, మాట్లాడకుండా ముఖం చాటేస్తాడా. ఒక్కటి ఒకసారి జరగడం కాదు, పదేపదే జరగడం లెక్క.

పదేపదే జరుగుతుంటే నోట్‌బుక్‌లోని తేదీలు అక్కరకొస్తాయి. మన దేశంలో ప్రైవేటు ఆఫీసుల్లో మామూలు దూషణకు ప్రత్యేక చట్టమంటూ లేదు. కంపెనీ నిబంధనలు, హెచ్ఆర్, బాస్ పైన ఉన్న మేనేజర్, ఇవే దారులు. లైంగిక వేధింపులైతే 2013 నాటి చట్టం ఉంది. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దళిత, గిరిజన ఉద్యోగులను నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదులో ‘చాలా దారుణంగా మాట్లాడతారు’ అన్న వాక్యానికి బరువు తక్కువ. ఫలానా తేదీ, ఫలానా మీటింగ్, అన్న మాట ఇదీ, ఎదురుగా ఉన్నది వీళ్లూ అని రాస్తే తోసిపుచ్చడం కష్టం.

నిద్ర, తిండి దెబ్బతిని, ఆఫీసు గుర్తొస్తేనే గుండె దడదడలాడుతుంటే అది ఇంపోస్టర్ భావనను దాటిపోయిన స్థితి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి మానసిక ఆరోగ్య సలహాదారుతో ఉచితంగా మాట్లాడవచ్చు.

మిగతావాళ్లకు ఆ నోట్‌బుక్ ఇంకో సంగతి కూడా చెబుతుంది. మూడు నెలల తర్వాత మొదటి పేజీనీ, చివరి పేజీనీ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదట్లో రిటర్న్స్, టాలీ అని ఉన్నచోట ఇప్పుడు ఫార్మాట్, డెడ్‌లైన్ అని కనిపిస్తే పాత తప్పులు పోయి కొత్త పని మీద కొత్త తప్పులు వస్తున్నాయని అర్థం, అంటే పని వస్తోంది. టాలీ తప్పు రెండు నెలలుగా జరగకపోయినా కాలేజీ మాట, సెలెక్షన్ మాట పేజీ పేజీకీ అలాగే ఉంటే, ఆ మాటలకూ ఆమె చేసిన రిపోర్టులకూ సంబంధం లేదు. టీమ్ మార్చమని అడగాలో, వేరే ఉద్యోగం చూసుకోవాలో ఆలోచించడానికి అప్పుడు ఆమె దగ్గర ఆధారం ఉంటుంది.