ఐదు నక్షత్రాల చాటున తిట్టు

చైనా సరుకు తెప్పించుకునే చిన్న వ్యాపారికి ఏజెంట్ వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపుతాడు. టావోబావ్‌లో ఏదో మిక్సీకి వచ్చిన రివ్యూ అది. చైనీస్ రాదు కాబట్టి వ్యాపారి గూగుల్ లెన్స్ పెట్టి చదువుకుంటాడు. ఐదు నక్షత్రాలు, కింద నాలుగు మంచి మాటలు. ఆర్డర్ పెట్టేయాలనిపిస్తుంది. కాస్త ఆగాలి.

ముందు ఆ నక్షత్రాలు ఎక్కడివో చూడాలి. టావోబావ్‌లో కొన్నవాళ్లు గడువులోగా ఏమీ రాయకపోతే సైటే వాళ్ల తరఫున 'మంచి' అని వేసేసే పద్ధతి చాలాకాలంగా ఉంది. అలాంటి చోట, కొనుగోలుదారు సకాలంలో అభిప్రాయం చెప్పలేదనీ, ఇది సిస్టమ్ ఇచ్చిన రేటింగ్ అనీ అర్థమొచ్చే వాక్యం కనిపిస్తుంది. అంటే అక్కడ మెచ్చుకున్న మనిషే లేడు. పార్శిల్‌లో వచ్చే చిన్న కార్డు సంగతి వేరు. ఫొటోతో ఐదు నక్షత్రాలు ఇస్తే కొన్ని యువాన్లు తిరిగిస్తామని అందులో ఉంటుంది. ఆ డబ్బు కోసం నక్షత్రాలు నిండుగా ఇచ్చి, అసలు బాధను మాటల్లో దాచేవాళ్లూ ఉంటారు.

ఆ మాటలు యంత్రానికి అంత తేలిగ్గా దొరకవు. 'మందుపాతర తొక్కాను' అని వస్తే పేలుడేమీ జరగలేదు, చెత్త సరుకు కొని మోసపోయానని అర్థం. 'తెలివి పన్ను కట్టాను' అంటే తెలివితక్కువగా డబ్బు పోగొట్టుకున్నానని. 'గడ్డి నాటారు' అంటే మాత్రం ఎవరో చెప్పగా కొనాలన్న ఆశ పుట్టిందని. ఇక అనువాదంలో 'హహ' అని కనిపించే నవ్వు కొన్నిసార్లు నవ్వు కాదు, ఎత్తిపొడుపు.

ఉదాహరణకు ఇలాంటి రివ్యూ వచ్చిందనుకుందాం: 'కస్టమర్ కేర్ చాలా బాగుంది, మూడు రోజులు అడిగితే ఒక్క జవాబు. హహ. శబ్దం అద్భుతం, పక్కింటివాళ్లు కూడా లేచారు.' యంత్రం 'చాలా బాగుంది', 'అద్భుతం' అని నిజాయితీగా తర్జుమా చేస్తుంది. మూడు రోజులు, పక్కింటివాళ్లు అన్న వివరాలు పొగడ్తకు పొసగడం లేదు. వెటకారం పట్టుబడేది అక్కడే. పొగడ్త పక్కన ఫిర్యాదు లాంటి వివరం కనబడిందంటే వివరాన్నే నమ్మాలి.

అయితే స్క్రీన్‌షాట్‌తో పెద్ద చిక్కు, ఎక్కడ కత్తిరించారన్నది. టావోబావ్‌లో వాడాక మళ్లీ రాసే 'అదనపు రివ్యూ' మొదటి రివ్యూ కిందే చేరుతుంది. సరుకు అందిన రోజు 'బాగుంది' అన్నవాడే వారాల తర్వాత 'మోటారు కాలిపోయింది' అని అక్కడ రాయొచ్చు. పైభాగం కత్తిరించి పంపితే ఆ రెండో మాట మాయం. కొన్నవాళ్లు తీసిన ఫొటోలూ అలాగే పోతాయి. దుకాణం ఫొటోలో మెరిసే మిక్సీ వాళ్ల ఫొటోలో ఎలా ఉందో అక్కడే తెలుస్తుంది.

కాబట్టి ఏజెంట్‌ను ఒక్క చిత్రం కాదు, తేదీలతో, అదనపు రివ్యూలతో, కొన్నవాళ్ల ఫొటోలతో స్క్రీన్ రికార్డింగ్ పంపమనాలి. 'చెడు' అని వడపోసి తీసినవి కూడా అందులో ఉండాలని ముందే చెప్పాలి.