స్పీకర్ 'సరే' అంటే సరిపోదు

2018 మేలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి ఓ వింత వార్త వచ్చింది. దంపతులు ఇంట్లో మాట్లాడుకుంటున్న మాటల్ని అమెజాన్ ఎకో స్పీకర్ రికార్డు చేసి, వాళ్ల కాంటాక్టుల్లో ఉన్న ఒకరికి పంపేసింది. ఎలా జరిగిందో కంపెనీ చెప్పింది. మాటల మధ్య ఏదో 'అలెక్సా' అన్నట్టు వినబడి స్పీకర్ మేలుకుంది. ఆ తర్వాతి మాట 'మెసేజ్ పంపు' అన్నట్టు తోచింది. 'ఎవరికి?' అని పైకే అడిగింది. గదిలోని మాటల్లో ఒక పేరు దొరికింది. ఆ పేరు చెప్పి 'కదూ?' అని మళ్లీ అడిగింది. ఎవరో దేనికో 'రైట్' అన్నట్టు వినిపించింది. అంతే, వెళ్లిపోయింది.

అంటే స్పీకర్ అడగకుండా చేసిందేమీ లేదు, రెండుసార్లు అడిగింది. కానీ ఆ ప్రశ్నలు మనుషుల చెవిన పడలేదు. ఫోన్‌లో అయితే పంపేముందు పేరు కళ్లెదుట కనబడుతుంది, అనుమానమొస్తే వెనక్కి వెళ్లొచ్చు. తెర లేని పరికరంలో మాట గాల్లో కలిసిపోతుంది. అందుకే ఈ స్పీకర్ల జవాబులు రాసేవాళ్లకు రెండు పనులు ముఖ్యం. విన్నదేమిటో పైకి చెప్పాలి. తర్వాత మనిషి ఏం చేయాలో ఒక్కటే చెప్పి ఆగాలి.

మొదటిదానికి వంటింటి టైమరే మంచి ఉదాహరణ. కుక్కర్ పెట్టి 'ఫిఫ్టీన్ మినిట్స్' అంటే, మిక్సీ హోరులో అది 'ఫిఫ్టీ' అయిపోవచ్చు. స్పీకర్ 'సరే' అని ఊరుకుంటే పొరపాటు మాడు వాసన వచ్చాకే తెలుస్తుంది. 'యాభై నిమిషాలు, మొదలైంది' అంటే అక్కడికక్కడే దొరికిపోతుంది. ఇక్కడ 'యాభై నిమిషాలకేనా?' అని అడగడం మాత్రం అనవసరం. పని చేసేస్తూ, విన్న అంకెను జవాబులోనే కలిపి చెప్పేస్తే చాలు. తప్పయితే మనిషే దిద్దుతాడు, నష్టం ఏమీ లేదు.

డబ్బు కట్టడం, మెసేజ్ పంపడం వంటివి వేరు. ఒకసారి జరిగాక వెనక్కి తీసుకోవడం కష్టం. వీటికి ముందే ఆగి అడగాలి, అదీ 'అలాగేనా?' అని పొడిగా కాదు. ఏ వస్తువు, ఎంత ధర, ఎక్కడికి అన్నవి చెప్పి అడగాలి. అలెక్సాలో కొనుగోళ్లకు నాలుగంకెల కోడ్ పెట్టుకునే వీలుంది. గదిలో ఎవరో యథాలాపంగా అన్న 'ఊఁ' అంగీకారం కాకుండా అది అడ్డుపడుతుంది.

రెండో పని దగ్గరే ఎక్కువమంది రచయితలు తడబడతారు. ఒక మందుల దుకాణం కోసం రాసిన జవాబు అనుకోండి: 'మీ బీపీ మాత్రలు ఉన్నాయి. ఇంటికి పంపాలా, లేక మీరే వచ్చి తీసుకుంటారా? మా దుకాణం రాత్రి పదింటి వరకు తెరిచే ఉంటుంది.' ఇందులో రెండు చిక్కులున్నాయి. 'పంపాలా, వస్తారా' అంటే చాలామంది 'ఆఁ' అనేస్తారు. దేనికి ఆఁ? ఇక ప్రశ్న వినగానే మనిషి జవాబు మొదలుపెడతాడు, స్పీకరేమో ఇంకా వేళలు చెబుతూనే ఉంటుంది. అలెక్సా సాధారణంగా తన మాట పూర్తయ్యాకే జవాబు కోసం చెవి యొగ్గుతుంది. మధ్యలో అన్నది పోతుంది, మనిషికి విసుగొస్తుంది.

తిరగరాస్తే ఇలా ఉంటుంది: 'బీపీ మాత్రలు, ఒక నెలకు సరిపడా ఉన్నాయి. దుకాణం రాత్రి పది వరకు తెరిచి ఉంటుంది. ఇంటికి పంపమంటారా?' విన్నది ముందు, సమాచారం మధ్యలో, ప్రశ్న చివర. 'ఆఁ' అన్నా, 'వద్దు' అన్నా అర్థం ఒక్కటే. 'వద్దు' అంటే అప్పుడు 'మీ పేరు మీద తీసిపెట్టమంటారా?' అని రెండో దారి చెప్పొచ్చు. రెండూ ఒకేసారి మోయించాల్సిన పనిలేదు.

జవాబు రాకపోతే? అలెక్సా ఎనిమిది సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. తర్వాత రచయిత ముందే రాసిపెట్టిన రెండో ప్రశ్న వినిపిస్తుంది. మొదటిదాన్నే అక్షరం పొల్లుపోకుండా అప్పజెబితే బండతనంగా ఉంటుంది. 'మాత్రలు ఇంటికి పంపాలంటే పంపు అనండి' అని పొట్టిగా, అనాల్సిన మాటను చేతికిచ్చినట్టు రాయాలి. అప్పటికీ మౌనమే అయితే మైకు మూసేయడమే మర్యాద.

ప్రశ్నే లేనప్పుడు మైకు తెరిచి ఉంచడం ఇంకో తప్పు. అలెక్సా కోసం బయటివాళ్లు తయారుచేసే సేవలకు అమెజాన్ పెట్టిన నియమాల్లో ఇదొకటి: ఏమీ అడగకుండా వింటూ కూర్చోకూడదు. ప్రతి జవాబు చివరా 'ఇంకేమైనా కావాలా?' అని అతికించడం దీనికి దొడ్డిదారి. టైమర్ పెట్టినవాడికి ఇంకేమీ అక్కర్లేదు. పైగా ఆ ప్రశ్నకు టీవీలోని పాత్ర కూడా బదులివ్వగలదు.

కొన్నిచోట్ల మాటే అక్కర్లేదు. లైటు వెలగమంటే వెలిగిన లైటే జవాబు. 2018లో అలెక్సాకు వచ్చిన 'బ్రీఫ్ మోడ్' ఇలాంటి పనులకు 'ఓకే' బదులు చిన్న టింగుమనే శబ్దంతో సరిపెడుతుంది. అయితే పడకగదిలో ఉండి హాల్లో లైటు ఆపమన్నవాడికి ఆ శబ్దం చాలదు. ఏ లైటు ఆరిందో అతనికి కనబడదు కాబట్టి 'హాల్లో లైటు ఆపాను' అని చెప్పాల్సిందే.