బెల్‌బాటం మళ్లీ ఎందుకొచ్చింది?

కింద వెడల్పుగా విచ్చుకున్న జీన్స్‌తో కాలేజీ పిల్లలు కనపడితే, డెబ్భైకి దగ్గరపడ్డ బాబాయిలు “ఇవి మేం ఎప్పుడో వేసి వదిలేసినవే కదా!” అంటారు. నిజమే. ఎన్టీఆర్, కృష్ణ సినిమాలు చూసి దర్జీ దగ్గరికి పరిగెత్తిన తరం వాళ్లది. నేలను ఊడుస్తూ బాటం అరిగిపోతుంటే, అరగకుండా లోపలి అంచుకు జిప్పు కుట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. ఎనభైల్లో ఆ ముచ్చట తీరిపోయింది. తొంభైల్లో అదే ఆకారం కాస్త తగ్గి బూట్‌కట్‌గా వచ్చింది. ఆ తర్వాత స్కిన్నీ జీన్స్ దాన్ని పక్కకు నెట్టాయి. 2020 దాటాక మళ్లీ బాటం విచ్చుకుంది.

ఇరవై ఏళ్లన్నది పంచాంగం లెక్కేమీ కాదు, ఒకసారి పాతికేళ్లూ పట్టొచ్చు. కానీ సుమారు అంతే ఎందుకు పడుతుందంటే, మనుషుల వయసు వల్ల. బ్రిటిష్ దుస్తుల చరిత్రకారుడు జేమ్స్ లేవర్ 1937లో ఒక పట్టిక వేశాడు. పోయిన ఫ్యాషన్ పదేళ్లకు వికారంగా, ఇరవై ఏళ్లకు నవ్వు పుట్టించేలా, ముప్ఫై ఏళ్లకు సరదాగా, యాభై దాటాక ముచ్చటగా కనపడుతుందట. మరి నవ్వులపాలయ్యే ఇరవయ్యో ఏటనే అది తిరిగి రావడమేమిటి? నవ్వేది దాన్ని తొడిగినవాళ్లు. కొనేది అప్పటికి పుట్టనివాళ్లు. అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్‌లో చూసిన బట్ట వాళ్లకు కొత్తగానే ఉంటుంది. పైగా చిన్నప్పుడు అక్కల ఒంటిమీద ఆ బట్టలు చూసి ఆశపడ్డ పిల్లలు ఈపాటికి ముప్ఫైల్లోకొచ్చి, డిజైన్ గదుల్లో నిర్ణయాలు తీసుకునే కుర్చీల్లో కూర్చుంటారు.

ఇంకో కారణం ఇంతకంటే మొరటుది. స్కిన్నీ జీన్స్ కాలికి అతుక్కుపోయాక ఇంకా బిగించడానికి చోటు లేదు. కొత్తది అమ్మాలంటే వదులు చేయక తప్పదు. వదులు చేయబోతే చేతికి అందే నమూనా పాత బెల్‌బాటమే.

ఇక్కడే అసలు పునరాగమనం, ఉత్త నకలు విడిపోతాయి. నకలు పాత ఫొటోను చూస్తుంది. పునరాగమనం పాత కటింగ్‌ను చూసి, ఇప్పటి బట్టకు, చెప్పుకు తగ్గట్టు దాన్ని మళ్లీ లెక్కవేస్తుంది. డెబ్భైల ప్యాంటు నడుము దగ్గర పైకి ఉండేది, తొడ దగ్గర బిగుతు, మోకాలి నుంచి విచ్చుకునేది. కింద ఎత్తు మడమల బూట్లు ఉండేవి కాబట్టి అంత బాటమూ నిలిచేది. టెరికాట్ బట్టకు ఆ ఆకారాన్ని పట్టి ఉంచే బిర్రు ఉండేది. తొంభైల బూట్‌కట్ నడుమును కిందికి దించింది, బాటాన్ని బూటు మీద పడేంతకే తగ్గించింది, సాగే దారం కలిసిన డెనిమ్‌నూ వాడుకుంది. చూడ్డానికి పాతదానిలా లేదు. నన్నడిగితే అసలైన పునరాగమనం అదే.

నకలును పట్టుకోవాలంటే మోకాలు చూడండి. ఒక జీన్స్ మోకాలి చుట్టుకొలత 18 అంగుళాలు, బాటం 24, మధ్య పొడవు 17 అనుకుందాం. పొట్టి అమ్మాయి కొని, కింద 3 అంగుళాలు కత్తిరించిందంటే బాటం దాదాపు 23కి పడిపోతుంది. ఆ ఒక్క అంగుళం పోతే పోయింది. అసలు చిక్కు పైనుంది: ప్యాంటులో మోకాలి కోసం బిగించిన చోటు ఆమె మోకాలి కిందికి, పిక్క మీదికి జారుతుంది. నడిస్తే అక్కడ పట్టేసి ముడతలు పడుతుంది. ఒకే కొలతను అన్ని ఎత్తులవాళ్లకూ అంటగట్టే చవక రెడీమేడ్‌లో ఇది మామూలే.

రెండోది కుట్టు. మంచి కటింగ్‌లో మోకాలి కింద వెడల్పును లోపలి కుట్టుకూ, బయటి కుట్టుకూ సమంగా పంచుతారు. అప్పుడే కాలి మధ్యగీత తిన్నగా పాదం మీదికి దిగుతుంది. ఒకవైపే పెంచితే కాలు మెలితిరిగినట్టు బాటం పక్కకు ఊగుతుంది. ఇక బట్ట లెగ్గింగ్‌లా పలచగా ఉంటే ఎంత వెడల్పిచ్చినా లాభం లేదు, విచ్చుకోవాల్సింది చీలమండకు చుట్టుకుంటుంది.

కాబట్టి ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి ఊరుకోకండి. ఇంటినుంచి వేసుకొచ్చిన చెప్పులతోనే నాలుగడుగులు వేసి, ఒకసారి కూర్చుని లేవండి. పొడవు ఎక్కువైతే అంచు మడిచి కుట్టించడం కాకుండా, మోకాలి పైదాకా కుట్లు విప్పి, ఆ బిగువును పైకి జరపగలరేమో దర్జీని అడగండి. అది అంచు కుట్టినంత చవకగా అవదు. ఆ కూలి కూడా కలుపుకున్నాకే ప్యాంటు ధర చూడండి.