కాటు, గాటు, ఘాటు

పాము కాటు, కత్తి గాటు, మిరపకాయ ఘాటు. మూడు మాటలకీ తేడా మొదటి హల్లులోనే ఉంది. వ్యాకరణం చదివినవాళ్లు మొదటిది పరుషమనీ, రెండోది సరళమనీ, మూడోది వర్గయుక్కనీ చెప్పేస్తారు. మిగతావాళ్లకి ఆ మూడోది ‘ఒత్తు గ’. కానీ మూడింటికీ నాలుక చేసే పని ఒకటే. దాని వెనక భాగం లేచి అంగిటికి ఆనుకుంటుంది, గాలిని కాసేపు ఆపుతుంది, వదిలేస్తుంది. తేడా అంతా గొంతులో ఉంది. గాలి వదిలిన క్షణానికి స్వరతంత్రులు అప్పటికే కంపిస్తున్నాయా, ఇంకా కంపించబోతున్నాయా?

ఆ ఎడాన్ని మిల్లీసెకన్లలో కొలిస్తే వచ్చే అంకెను ‘వాయిస్ ఆన్‌సెట్ టైమ్’ అంటారు, పొట్టిగా వీఓటీ. విడుదల తర్వాత కంపనం మొదలైతే అది ప్లస్, ముందే మొదలైతే మైనస్. 1964లో లీ లిస్కర్, ఆర్థర్ అబ్రామ్‌సన్ అనే ఇద్దరు అమెరికన్లు పదకొండు భాషల్లో దీన్ని కొలిచారు. ఆ పదకొండులో హిందీ, మరాఠీ, తమిళం ఉన్నాయి కానీ తెలుగు లేదు. లిస్కర్ అంతకు ఏడాది ముందే మాట్లాడే తెలుగు మీద పాఠ్యపుస్తకం రాసినవాడు కాబట్టి ఇది కాస్త చిత్రంగానే ఉంటుంది. వాళ్ల కొలతల్లో హిందీ ‘క’ దాదాపు 20, ‘ఖ’ దాదాపు 90 వచ్చాయి. ‘గ’ మైనస్ 60 దాటింది, ‘ఘ’ మైనస్ 75 దగ్గర ఉంది. మొదటి రెండూ ఎడంగా నిలబడ్డాయి. చివరి రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఈ కొలత గ, ఘ లను విడదీయలేదని వాళ్లే ఒప్పుకున్నారు. మన చిక్కు కూడా అక్కడే.

కొలవడానికి అందరూ వాడేది ప్రాట్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారు చేసిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. డచ్చిలో ఆ పేరుకు ‘మాట’ అని అర్థం.

ప్రాట్ తెరిచే ముందే పని సగం చెడిపోగలదు, ఎందుకంటే ‘గ’కు ముందు వచ్చే కంపనం చాలా సన్నటిది. నోరు మూసి ఉండగా బుగ్గల్లోంచి, మెడలోంచి బయటికి వినిపించే మూలుగు అది. దాని బలమంతా కింది పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. రొదను తగ్గించే ఫోన్లు దాన్ని కూడా రొదే అనుకుని తుడిచేయవచ్చు. అప్పుడు ‘గ’ కాస్తా ‘క’లా కొలతకొస్తుంది. అందుకని రికార్డింగ్ కుదించని వేవ్ ఫైలుగా ఉండాలి, రొద తగ్గించే సదుపాయం ఆపి ఉంచాలి. మైకును నోటికి సూటిగా కాకుండా పక్కగా పెట్టాలి, లేకపోతే ‘ఖ’ ఊపిరి దానికి తగిలి బుస్సుమంటుంది. మాటకు ముందు చిన్న విరామం కూడా ఉండాలి. ‘ఒక గాటు’ అని గబగబా అంటే ముందున్న అచ్చు కంపనమే ‘గ’లోకి పాకుతుంది, ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేం.

ఇక తెర మీదకి వద్దాం. ధ్వనిని ఎంచుకుని `Annotate` కింద `To TextGrid...` నొక్కి, `vot` అనే పాయింట్ టియర్ ఒకటి పెట్టుకుంటే చాలు. దాని మీద మూడు గుర్తులు: విడుదలకు `b`, కంపనం మొదలుకు `v`, అచ్చు తేటపడిన చోటుకు `m`. గుర్తులు పైన కనిపించే తరంగం చూసి పెట్టాలి. కింద ఉండే స్పెక్ట్రోగ్రామ్ దారి చూపడానికే, ఎందుకంటే అది ప్రతి క్షణాన్నీ అటూ ఇటూ కొంత పూసి చూపిస్తుంది.

‘కాటు’తో మొదలుపెడదాం. నిశ్శబ్దం తర్వాత తరంగంలో ఒక ముల్లు లేస్తుంది, అదే విడుదల. కానీ ‘క’ వర్గానికి ఒక అలవాటుంది. నాలుక వెనక భాగం బరువు, నిదానంగా ఊడుతుంది కాబట్టి ఒక ముల్లు బదులు రెండు మూడు కనిపిస్తుంటాయి. మొదటిది పట్టుకోవాలా, అన్నిటికన్నా పెద్దదా? నా నియమం మొదటిదే. పెద్దది ఎంచుకున్నా నేరం కాదు గానీ, సగం మాటల్లో ఒకటీ సగం మాటల్లో మరొకటీ పట్టుకుంటే పది మిల్లీసెకన్ల తప్పుడు తేడా మనమే పుట్టించినట్టు. విడుదల 1.2480 సెకన్ల దగ్గర, మొదటి కంపనం 1.2715 దగ్గర ఉన్నాయనుకుందాం. వీఓటీ 23.5.

‘ఖాతా’లో తిప్పలు రెండో గుర్తుతో వస్తాయి. ఊపిరి రొద తగ్గుతూ ఉండగానే దాని కింద మెత్తని అలలు మొదలవుతాయి, అచ్చు రంగులన్నీ తేలడానికి మరికాస్త సమయం పడుతుంది. ఆ మొదటి మెత్తని అలనే నేను `v` అంటాను, అది సున్నా గీతను దాటి పైకి లేచే చోట. ప్రాట్ తానే వేసి చూపే నీలిరంగు పల్స్ గీతల్ని ఇక్కడ నమ్మకూడదు. కంపనం ఉందో లేదో అది కొన్ని అలల్ని కలిపి చూసి తేలుస్తుంది, అందుకే అంచుల దగ్గర పొరబడుతుంది.

‘గాటు’కు `v` ముందు, `b` తర్వాత. ఇక్కడ ఫ్యాను రొద, కరెంటు రొద కంపనంలా నటిస్తాయి. పట్టుకోవడం కష్టమేం కాదు. 50 హెర్ట్జ్ కరెంటు రొద అలకీ అలకీ 20 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది, పైగా మనిషి నోరు తెరవక ముందు నుంచీ ఉంటుంది. 120 హెర్ట్జ్ మగ గొంతులో ఆ ఎడం ఎనిమిది చిల్లర మాత్రమే. ఇంకో సంగతి, ‘గ’ పలికేటప్పుడు నాలుక వెనక గాలికి చోటు తక్కువ. అది త్వరగా నిండిపోయి, విడుదలకు ముందే కంపనం ఆగిపోవచ్చు. అప్పుడు కూడా `v` మొదలైన చోటే పెట్టి, మధ్యలో ఆగిందని విడిగా రాసుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. మన ‘గాటు’లో కంపనం 2.0510 దగ్గర, విడుదల 2.1290 దగ్గర ఉంటే వీఓటీ మైనస్ 78. ‘ఘాటు’లో అవి 3.1020, 3.1835 అయితే మైనస్ 81.5. మూడున్నర మిల్లీసెకన్ల తేడాతో మిరపకాయని కత్తి నుంచి విడదీయలేం. `m` గుర్తు ఇందుకే పెట్టుకున్నాం. ‘గాటు’లో విడుదల తర్వాత 14 మిల్లీసెకన్లకే తేటైన అచ్చు వచ్చేస్తుంది. ‘ఘాటు’లో విడుదల దాటాక అలలు ఆగవు గానీ వాటి మీద ఊపిరి రొద మసకలా కప్పుకుని ఉంటుంది, 3.2440 దాకా అచ్చు తేటపడదు. అంటే 60.5 మిల్లీసెకన్లు. ఒత్తు ఉన్నది ఈ రెండో అంకెలో, విడుదలకు ఇవతల. నాలుగు రకాల హల్లులున్న చోట రెండు అంకెలూ కావాలి, ఒక్క వీఓటీ చాలదు.

గుర్తులు పెట్టాక లెక్క ప్రాట్‌కే వదిలేయవచ్చు. ఒక్కో టెక్స్ట్‌గ్రిడ్‌లో ఒక్క మాటే ఉంటే, దాన్ని ఎంచుకుని ఈ కాస్త స్క్రిప్టు నడిపితే చాలు:

```
n = Get number of points: 1
for i to n
    lab$ = Get label of point: 1, i
    t = Get time of point: 1, i
    if lab$ = "b"
        b = t
    elsif lab$ = "v"
        v = t
    elsif lab$ = "m"
        m = t
    endif
endfor
writeInfoLine: fixed$ ((v-b)*1000, 1)
appendInfoLine: fixed$ ((m-b)*1000, 1)
```

ప్లస్సో మైనస్సో తీసివేతే తేలుస్తుంది, మనం చేత్తో రాయనక్కర్లేదు.

చేత్తో తేల్చాల్సింది `m`. మసక ఎక్కడ విడిపోయిందన్నది గీత గీసినట్టు ఉండదు. అందుకే కొలిచిన మాటల్లో పదో వంతును కొన్నాళ్ల తర్వాత పాత గుర్తులు చూడకుండా మళ్లీ కొలవడం నా అలవాటు. `b` రెండుసార్లూ దాదాపు ఒకేచోట పడుతుంది, `m` మాత్రం జారుతుంది. అది ఎంత జారిందో కూడా ఫలితాల పక్కన రాయాలి.

ఇంకొకటి ఉంది. మాటల్లో చాలామంది తెలుగువాళ్లు ‘ఘాటు’ను ‘గాటు’ అనే అంటారు. అలాంటి రికార్డింగులో రెండో అంకె 15 వస్తే కొలత తప్పిందని `m` గుర్తును కుడివైపుకి జరపాలనిపిస్తుంది. జరపకూడదు. కాగితం మీద ఉన్న మాటను ఒక గడిలో, నోట్లోంచి వచ్చినదాన్ని ఇంకో గడిలో రాసి, అంకెను ఉన్నదున్నట్టు వదిలేయాలి.